జిరాక్స్‌లో కలిసిపోయిన రంగులు: ఒక భూగర్భ జల పటం కేసు

నేపథ్యం

రాయలసీమలో నీటి సంరక్షణ పనులు చేసే ఒక స్వచ్ఛంద సంస్థ కోసం చేసిన పటం ఇది. సంస్థ పేరు, జిల్లా పేరు, మండలాల పేర్లు ఇవ్వడం లేదు. లోతుల అంకెలను కూడా ఎవరూ గుర్తుపట్టకుండా కాస్త అటూ ఇటూ మార్చాను. రంగుల కోడ్‌లు మాత్రం నిజంగా వాడినవే.

పటంలో చూపించాల్సిన విషయం చిన్నదే. మే నెలలో పీజోమీటర్లు అనే పరిశీలన బావుల్లో కొలిచిన నీటి మట్టం నేల మీది నుంచి ఎన్ని మీటర్ల లోతులో ఉందో మండలాల వారీగా రంగుల్లో చూపాలి. పటాలు వేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో మండలాల లేయర్ ఉంది, దానికి `depth_m` అనే కాలమ్ ఉంది. ఈ పటం ఒక నివేదికలో పూర్తి పేజీ బొమ్మగా వెళ్తుంది. నివేదికను ప్రెస్‌లో రంగుల్లో వేయిస్తారు. అక్కడితో ఆగితే ఈ కేసు రాయాల్సినంత ఉండేది కాదు. మండల ఆఫీసుల్లో, గ్రామసభల్లో జనం చేతికి వచ్చేది ఆ రంగుల కాపీ కాదు, దాని జిరాక్స్. ఒక్కోసారి జిరాక్స్‌కు జిరాక్స్. ఆ సంగతి పని మొదలుపెట్టే ముందే అడిగి రాసుకున్నాను. తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడ్డాయి.

పటం మొదట వేసింది నేను కాదు. సంస్థలోనే ఒకరు చేసి, ఒక విడత ప్రింట్ కూడా చేయించారు. అది పనికిరాలేదని తెలిశాక ఫైల్ నా దగ్గరికి వచ్చింది.

వచ్చిన సమస్య

సంస్థ సమన్వయకర్త ఫోన్ చేసి చెప్పిన మాట ఇది: "మీటింగ్‌లో ఇంజనీరు గారు జిరాక్స్ కాపీ చూసి, ఈ రెండు మండలాల్లో నీళ్లు ఒకే లోతులో ఉన్నాయా అని అడిగారండీ. ఒకదాంట్లో 10.6 మీటర్లు, ఇంకోదాంట్లో 22.3. అంత తేడా ఉంటే కాగితం మీద ఒకేలా ఎందుకు పడింది?"

ప్రెస్ వాళ్లను అడిగితే, మెషీన్‌లో తప్పేం లేదు, మీ ఫైల్లోనే రంగులు అలా ఉన్నాయి అన్నారట. ప్రింటింగ్ సమస్యల్లో ఈ మాట తరచూ వినిపిస్తుంది. చాలాసార్లు అది తప్పించుకోవడానికి అన్న మాటే అవుతుంది. ఈసారి మాత్రం ప్రెస్ వాళ్లు చెప్పింది అక్షరాలా నిజం.

ఫైల్ తెరిచి చూశాను. లేయర్ `Symbology`లో `Graduated`, విభజన పద్ధతి `Natural Breaks (Jenks)`, తరగతులు 7. రంగుల వరుస కలర్‌బ్రూయర్ జాబితాలోని ఏడు రంగుల `RdYlGn`. నీళ్లు పైనే ఉన్న చోట పచ్చ, మధ్యలో లేత పసుపు, బాగా లోతున్న చోట ఎరుపు. మండలాల లేయర్ 70 శాతం ఒపాసిటీతో ఉంది, దాని కింద కొండలు కనిపించేలా హిల్‌షేడ్ వేశారు. డేటా లేని రెండు అటవీ మండలాలకు బూడిద రంగు. సరిహద్దు గీతలు క్యూజీఐఎస్ తనంతట తాను ఇచ్చే 0.26 మిల్లీమీటర్ల ముదురు గీతలే.

స్క్రీన్ మీద చూస్తే పటం అందంగానే ఉంది. దాన్ని తప్పుపట్టలేం. పచ్చ మంచి, ఎరుపు చెడు అని అందరికీ ఇట్టే తెలుస్తుంది కాబట్టి ఎవరైనా మొదట ఎంచుకునే వరుస అదే.

కారణం ఎక్కడుందో పట్టుకోవడం

ముందు ఏం తేలాలంటే, ఇది ప్రింటర్ సమస్యా, రంగుల సమస్యా? దానికి కాగితం అక్కర్లేదు. క్యూజీఐఎస్‌లో `View` మెనూలో `Preview Mode` ఉంటుంది. అందులో `Simulate Achromatopsia Color Blindness (Grayscale)` పెడితే పటం మొత్తం నలుపు తెలుపు ఛాయల్లో కనిపిస్తుంది. అక్కడే రెండు మండలాలూ ఒకటైపోయాయి. ప్రింటర్ దాకా వెళ్లకముందే తేడా పోయిందంటే లోపం రంగుల వరుసలోనే ఉన్నట్టు.

కంటికి కనిపించినదాన్ని అంకెల్లోకి మార్చుకోవడం నాకు అలవాటు. ఎందుకంటే ఇంకో రంగు పెట్టి చూసినప్పుడు కన్ను మళ్లీ మోసపోతుంది. రంగు ఏదైనా సరే, అది ఎంత వెలుగుగా ఉందో చెప్పే L* అనే కొలత ఉంది. నలుపుకి 0, తెలుపుకి 100. జిరాక్స్‌లో మిగిలేది దాదాపు ఈ ఒక్క సంగతే. రంగు ఎరుపా పచ్చా అన్నది పోతుంది. లేయర్‌లోని ప్రతి తరగతికి L* ఎంతో పైథాన్ కన్సోల్‌లో ఇలా చూడొచ్చు:

```python
def lin(c):
    return c/12.92 if c <= 0.04045 else ((c+0.055)/1.055)**2.4

for g in iface.activeLayer().renderer().ranges():
    c = g.symbol().color()
    y = 0.2126*lin(c.redF()) + 0.7152*lin(c.greenF()) + 0.0722*lin(c.blueF())
    print(g.label(), c.name(), round(116*y**(1/3) - 16))
```

పైనున్న నీటి నుంచి లోతు వైపు వరసగా వచ్చిన అంకెలు: 55, 77, 91, 99, 90, 70, 48. అంటే వెలుగు మొదట పెరుగుతూ పోయి, మధ్యలో కాగితం తెలుపుని అందుకుని, మళ్లీ తగ్గుతోంది. మూడో తరగతి `#d9ef8b`, అయిదో తరగతి `#fee08b`. వాటి L* విలువలు 91, 90. ఇంజనీరు గారు వేలు పెట్టి చూపించిన మండలాలు సరిగ్గా ఈ రెండు తరగతులవే. రెండో తరగతి 77, ఆరోది 70. ఆ రెంటి మధ్య కూడా నమ్మదగినంత తేడా లేదు. పచ్చకీ ఎరుపుకీ మధ్య 7 అంకెల తేడా ఉన్నా, పటంలో అవి పక్కపక్కన లేకపోతే ఏది ఏదో చెప్పడం కష్టం.

దీన్నిబట్టి ఇంకో సంగతి బయటపడింది. జిరాక్స్ మాట పక్కనపెట్టి, ప్రెస్‌లో వేసిన రంగుల కాపీనే చూసినా మధ్య మూడు తరగతులు సరిగ్గా విడిపోవడం లేదు. అవి 91, 99, 90. లేత పచ్చ, లేత పసుపు, లేత నారింజ. తెల్ల కాగితం మీద పలుచగా వేసిన పసుపు ఇంకు కంటికి ఆనదు. స్క్రీన్ తనంతట తాను వెలుగుతుంది కాబట్టి అక్కడ ఆ తేడా కనిపించింది. ట్యూబ్‌లైటు కింద కాగితం మీద కనిపించలేదు.

కాబట్టి ఇక్కడ ఉన్నవి రెండు వేర్వేరు సమస్యలు. జిరాక్స్‌లో దెబ్బతీసింది వెలుగు ఒకే దిశలో నడవకపోవడం. రంగుల ప్రింట్‌లో దెబ్బతీసింది పక్కపక్క తరగతుల మధ్య వెలుగు తేడా చాలకపోవడం. రెండోది సరిచేసినా మొదటిది అలాగే ఉండిపోతుంది. ఇది విడగొట్టి చూసుకోకపోతే, రంగులు ముదురు చేసేసి పని అయిపోయిందనుకునే ప్రమాదం ఉంది.

పనిచేయని ప్రయత్నాలు

రంగులు ముదురు చేయమని సంస్థవాళ్లే అడిగారు. చేసి చూపించాను. అనుకున్నట్టే రంగుల కాపీ కాస్త మెరుగైంది, జిరాక్స్ మాత్రం మారలేదు. రెండు చివర్లూ కలిసి నల్లబడతాయి కదా. పచ్చా ఎరుపూ మరింత దగ్గరయ్యాయి.

తర్వాత `Viridis` వరుసను తిరగేసి పెట్టాను. పైనున్న నీటికి పసుపు, లోతుకి ముదురు ఊదా. దీని ఎంపికకు కారణం ఉంది. వెలుగు ఒకే దిశలో, దాదాపు సమాన మెట్లుగా దిగేలా ఈ వరుసను తయారుచేశారు. అయిదు తరగతులకు L* విలువలు సుమారు 91, 73, 55, 35, 15. లెక్క ప్రకారం ఇంతకంటే మంచిది దొరకదు. స్క్రీన్ మీద నలుపు తెలుపు ప్రివ్యూలో కూడా అయిదూ చక్కగా విడిపోయాయి.

కాగితం మీద చివరి రెండూ కలిసిపోయాయి. ప్రింట్‌లో రంగు సన్నని చుక్కలుగా పడుతుంది. ఇంకు చుక్క కాగితం మీద కొంచెం పరుచుకుంటుంది, అందువల్ల ఛాయలన్నీ అనుకున్నదానికంటే ముదురుగా వస్తాయి. ముదురు చివర చుక్కల మధ్య ఖాళీలు పూడుకుపోయి దాదాపు నిండు నలుపు అవుతుంది. దాని మీద జిరాక్స్ మెషీన్ ఇంకో దెబ్బ వేస్తుంది. 35కీ 15కీ మధ్య 20 అంకెల తేడా ఉన్నా కాగితం మీద రెండూ ఒకే నలుపు. అదే 20 తేడా 90కీ 70కీ మధ్య ఉంటే కళ్లు మూసుకుని చెప్పొచ్చు. అంటే L* లో సమానమైన మెట్లు కాగితం మీద సమానంగా ఉండవు.

విరిడిస్‌ని పక్కన పెట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది ప్రింట్‌కు సంబంధించింది కాదు. మధ్య తరగతులు పచ్చగా ఉంటాయి. నీళ్లు 15 మీటర్ల లోతుకి దిగిన మండలం పచ్చగా కనిపిస్తే మన రైతు దాన్ని బాగున్న మండలం అనుకుంటాడు. లెజెండ్ చూస్తాడులే అనుకుని పటం వేయకూడదు.

మూడో దారి, రంగులతో పాటు ప్రతి తరగతికీ గీతలో చుక్కలో వేరే నమూనా వేయడం. పాత నలుపు తెలుపు పటాల్లో ఇదే చేసేవాళ్లు. అయిదు నమూనాలు పక్కపక్కన పడేసరికి కళ్లు తిరిగాయి, మండలాల పేర్లు చదవడం కుదరలేదు. గీతల నమూనాల్లో ఏది ఎక్కువ, ఏది తక్కువ అనే క్రమం కంటికి తనంతట తెలియదు కూడా. దాన్ని వదిలేశాను. కానీ ఒకే ఒక్క చోట గీతలు వాడటం తర్వాత అక్కరకొచ్చింది.

తరగతులు ఎన్ని?

రంగు ఏదన్నది పక్కనపెట్టి, కాగితం ఎన్ని మెట్లు మోయగలదో ముందు లెక్కేశాను. తెల్ల కాగితం నుంచి విడిగా కనిపించాలంటే మొదటి తరగతి L* 92 దాటకూడదు. పూడుకుపోకుండా ఉండాలంటే చివరిది 30కి దిగకూడదు. మధ్యలో మిగిలింది సుమారు 60. జిరాక్స్‌కి జిరాక్స్ తీసినా పక్కపక్క తరగతులు విడిగా ఉండాలంటే మెట్టుకి సగటున 15 కావాలని టెస్ట్ ప్రింట్లలో తేలింది. అరవైలో పదిహేను నాలుగుసార్లు. నాలుగు మెట్లంటే అయిదు తరగతులు. ఆరోది పెడితే ఏదో ఒక జత తప్పకుండా కలుస్తుంది.

ఇది చెప్పినప్పుడు సమన్వయకర్త ఒప్పుకోలేదు. ఏడు నుంచి అయిదుకి వస్తే వివరం పోతుందన్నది ఆమె అభ్యంతరం. అది అర్థం లేనిదేమీ కాదు. అయితే జెంక్స్ పద్ధతి ఇచ్చిన హద్దులు 11.37, 16.92 లాంటివి. ఆ అంకెలతో మండలంలో ఎవరికీ పని లేదు. వచ్చే ఏడాది డేటా మారితే ఆ హద్దులూ మారిపోతాయి, రెండేళ్ల పటాలు పక్కపక్కన పెట్టి పోల్చలేం. కేంద్ర భూగర్భ జల మండలి తన లోతు పటాల్లో 2, 5, 10, 20, 40 మీటర్ల హద్దులు వాడుతుంది. మేమూ వాటికే వెళ్దామని చెప్పాను. అలా చేస్తే ఆరు తరగతులు వస్తాయి. మే నెలలో ఈ జిల్లాలో 2 మీటర్లలోపు నీళ్లున్న మండలం ఒక్కటీ లేదు. కాబట్టి మొదటి రెంటినీ కలిపి "5 లోపు" అన్నాం. మిగిలినవి 5–10, 10–20, 20–40, 40 పైన. హద్దుల మీదే కలిపాం కాబట్టి ఎవరైనా మండలి పటంతో పోల్చుకోవాలన్నా ఇబ్బంది లేదు.

40 పైన ఉన్నవి రెండు మూడు మండలాలే. వాటిని కూడా 20–40లో కలిపేస్తే నాలుగు తరగతులతో పటం ఇంకా తేటగా వచ్చేది. కలపలేదు. సంస్థ పనులు మొదలుపెట్టబోయేది ఆ మండలాల్లోనే.

పోయిన వివరాన్ని ఇంకో రూపంలో వెనక్కి తెచ్చాం. ప్రతి మండలం మీద దాని లోతు అంకెను లేబుల్‌గా వేశాం. రంగు ఒక్క చూపులో ఎక్కడ ఎలా ఉందో చెబుతుంది. కచ్చితమైన సంగతి కావాల్సినవాళ్లు అంకె చదువుకుంటారు. మొదటి విడతలో ఇంజనీరు గారి చేతిలోని కాపీ మీద ఆ అంకె ఉండి ఉంటే ఆయనకు ఆ అనుమానం వచ్చేదే కాదు.

రంగుల వరుస

ఒకే దిశలో నడిచే వరుసల్లో కలర్‌బ్రూయర్ వారి `YlOrBr` తీసుకున్నాను. కలర్‌బ్రూయర్ అంటే పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో సింథియా బ్రూవర్ పటాల కోసమే తయారుచేసిన రంగుల సంకలనం. ఏ వరుస ప్రింట్‌కి నిలుస్తుంది, ఏది జిరాక్స్‌కి నిలుస్తుంది అని అందులో విడివిడిగా చెబుతారు. పసుపు నుంచి గోధుమ రంగుకి వెళ్లే వరుస కావడంతో లోతు పెరిగే కొద్దీ నేల ఎండుతున్నట్టు అనిపిస్తుంది. నీలం వరుస తీసుకుంటే ముదురు నీలం అంటే నీళ్లెక్కువ అని చదువుకుంటారు, అర్థం తిరగబడుతుంది.

అయిదు రంగుల `YlOrBr` కి L* విలువలు 99, 88, 72, 55, 36. దిశ బాగుంది. కానీ మొదటిది 99, అంటే కాగితమే. టెస్ట్ ప్రింట్‌లో "5 లోపు" మండలాలకు అసలు రంగే వేయనట్టు, డేటా లేనట్టు కనిపించింది. 99కీ 88కీ మధ్య తేడా కూడా 11 మాత్రమే. అందుకే వరుస మొత్తాన్ని ముదురు వైపుకి జరిపి, రంగులు నేనే కలిపాను:

```text
5 లోపు     #fee8a8   L* 92
5–10       #f9b75f   L* 79
10–20      #e6862c   L* 65
20–40      #b85a12   L* 49
40 పైన     #7a3410   L* 31
```

మెట్లు చూడండి: 13, 14, 16, 18. సమానంగా లేవు, కావాలనే. విరిడిస్‌తో తెలిసొచ్చిన దానికి జవాబు ఇదే. ముదురు చివర ఇంకు పరుచుకుని కొంత తేడాని మింగేస్తుంది కాబట్టి అక్కడ ముందే ఎక్కువ ఇచ్చాను. లేత చివర అంత అవసరం లేదు.

ఈ రంగులను ఒక్కొక్క తరగతి మీద డబుల్ క్లిక్ చేసి మార్చుకుంటూ పోకూడదు. అలా చేస్తే, తర్వాత ఎవరైనా `Classify` నొక్కగానే పాత వరుస తిరిగొచ్చేస్తుంది. రంగుల వరుస పక్కనున్న బాణం నొక్కి `Create New Color Ramp…` లోకి వెళ్లి, అక్కడ `Color Presets` ఎంచుకుని అయిదు రంగులూ వరుసగా ఇచ్చి సేవ్ చేశాను. వరుస పేరు పెట్టి ఉంచుకుంటే సంస్థలో ఇంకో పటానికి కూడా వాడుకోవచ్చు. స్టైల్‌ని `.qml` ఫైల్‌గా కూడా ఇచ్చాను. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. వరుస మార్చినంత మాత్రాన హద్దులు మారవు. కానీ `Mode` గానీ `Classes` సంఖ్య గానీ ముట్టుకుంటే మీరు చేత్తో రాసిన 5, 10, 20, 40 పోయి కొత్తవి వచ్చి కూర్చుంటాయి.

రంగు సరిగా ఉన్నా పటాన్ని పాడుచేసేవి

వరుస కుదిరాక కూడా మొదటి పూర్తి ప్రింట్ నాకు నచ్చలేదు. జిల్లాలో కొండలున్న వైపు 10–20 మండలం ఒకటి 20–40 లాగా కనిపించింది. కారణం కింద ఉన్న హిల్‌షేడ్. పై లేయర్ 70 శాతమే అడ్డుగా ఉండటంతో కొండ నీడలున్న చోట కింది బూడిద రంగు పైకొచ్చి L* ని దించేస్తోంది. అదే తరగతి మైదానంలో ఒక ఛాయ, కొండల్లో ఇంకో ఛాయ. లెజెండ్‌లోని గళ్ల కింద హిల్‌షేడ్ ఉండదు కాబట్టి అది రెంటికీ సరిపోలదు. మెట్టుకి 15 చొప్పున పోగేసుకున్నదాన్ని నీడ ఒక్కటే తినేస్తోంది. హిల్‌షేడ్ తీసేసి ఒపాసిటీని 100 చేశాను. కొండలు ఎక్కడున్నాయో తెలియాలని సంస్థ అడిగితే, చిన్న పటం ఒకటి పక్కన వేశాం. ఇలాంటి తరగతుల పటం కింద నేల రూపం వేయడం నాకెప్పుడూ మింగుడుపడదు. ఒపాసిటీ తీసేయడం వల్ల ఇంకో లాభం కూడా కలిగింది. పారదర్శకత ఉన్న లేయర్లను క్యూజీఐఎస్ పీడీఎఫ్‌లోకి పంపేటప్పుడు పటాన్ని బొమ్మగా మార్చేస్తుంది. అది లేకపోతే గీతలు, అక్షరాలు వెక్టర్‌గానే వెళ్లి ప్రింట్‌లో పదునుగా వస్తాయి.

రెండోది డేటా లేని మండలాల బూడిద రంగు. అది `#cccccc`, దాని L* 82. మన 5–10 తరగతి 79. రంగుల్లో ఒకటి బూడిద, ఒకటి నారింజ కాబట్టి సందేహమే లేదు. జిరాక్స్‌లో రెండూ ఒకటే. అడవి మండలంలో నీళ్లు 7 మీటర్లలోనే ఉన్నాయని ఎవరైనా చదివితే అది పచ్చి అబద్ధం. బూడిద ఏ ఛాయలో పెట్టినా అయిదు తరగతుల్లో ఏదో ఒకదానికి దగ్గరవుతుంది. వదిలేసిన గీతల నమూనా ఇక్కడ పనికొచ్చింది. తెల్ల నేల మీద 45 డిగ్రీల వాలుగా 0.15 మిల్లీమీటర్ల సన్నని గీతలు, గీతకీ గీతకీ 2 మిల్లీమీటర్ల ఎడం. అది ఛాయగా కాక అల్లికగా కనిపిస్తుంది, కాబట్టి తరగతులతో తికమక రాదు. `Graduated` లో NULL విలువలున్నవి అసలు గీయబడవు. అందుకే అదే లేయర్‌కి నకలు తీసి, `"depth_m" IS NULL` అని ఫిల్టర్ పెట్టి, దానికి ఈ గీతలిచ్చాను.

సరిహద్దు గీతలను 0.26 నుంచి 0.1 మిల్లీమీటర్లకు తగ్గించాను. చిన్న మండలాలు గుంపుగా ఉన్న చోట ముదురు గీతలు ఎక్కువై, ఆ ప్రాంతమంతా ఒక మెట్టు ముదిరినట్టు కనిపిస్తోంది. తెల్ల గీతలు కూడా పెట్టి చూశాను. స్క్రీన్ మీద బాగున్నాయి గానీ ప్రింట్‌లో ముదురు మండలాల మధ్య ఇంకు పూడుకుని అక్కడక్కడ మాయమయ్యాయి.

లోతు అంకెల లేబుళ్లు చివరి రెండు తరగతుల మీద నలుపులో కనిపించవు. లేబుల్ రంగుకి డేటా ఆధారిత సూత్రం పెట్టాను:

```text
if("depth_m" > 20, '#ffffff', '#000000')
```

తెల్ల అక్షరాలు బోల్డ్‌లో, 8 పాయింట్లకు తగ్గకుండా ఉంచాలి. ఆఫ్‌సెట్‌లో రంగు రంగుకీ వేరే ప్లేటు. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా సన్నని తెల్ల అక్షరం పూడిపోతుంది.

కాగితం మీద పరీక్ష

ప్రివ్యూ మోడ్ సమస్యని పట్టిస్తుంది, సమస్య లేదని మాత్రం హామీ ఇవ్వదు. విరిడిస్ అందులో నెగ్గి కాగితం మీద ఓడిపోయింది కదా. అందుకే ఫైల్ ఇచ్చే ముందు ఒక పేజీ టెస్ట్ షీట్ తయారుచేశాను. అయిదు రంగులూ పక్కపక్కన ఒక పట్టీ, ప్రతి రంగు మధ్యలో దాని పక్క తరగతి చిన్న గడి, కింద నిజమైన పటంలో గజిబిజిగా ఉన్న ఒక ముక్క. మధ్యలో గడి ఎందుకంటే, ముదురు రంగుల నడుమ ఉన్న మండలం ఉన్నదానికంటే లేతగా, లేత రంగుల నడుమ ఉన్నది ముదురుగా అనిపిస్తుంది. పట్టీలో విడిపోయిన రంగులు ఇలాంటి చోట దొరకకుండా పోతాయి.

నివేదికకు వాడే కాగితం మీదే, అదే ప్రెస్‌లో వేయమని అడిగాను. ఆఫీసు ప్రింటర్‌లో చూసుకుంటే సరిపోదా అన్నారు. సరిపోదు. క్యూజీఐఎస్ నుంచి RGB లో వెళ్లిన రంగులను ప్రెస్ వాళ్లు తమ CMYK లోకి మార్చుకుంటారు. ఆ మార్పిడిలోనూ, నునుపు కాగితానికీ గరుకు కాగితానికీ మధ్యా ఛాయలు మారతాయి. తర్వాత ఆ షీట్‌ని బజార్లో మామూలు జిరాక్స్ షాపులో కాపీ తీయించి, ఆ కాపీకి ఇంకో కాపీ తీయించాను. షాపతను "లైట్ చేయాలా, డార్క్ చేయాలా?" అని అడిగాడు. ఏమీ ముట్టుకోవద్దన్నాను. మండల ఆఫీసులో ఎవరూ ఆ బటన్ ముట్టుకోరు.

రెండో కాపీ మీద కొన్ని మండలాలను పెన్నుతో చుట్టి, పటం ముందెప్పుడూ చూడని ఒకరికి ఇచ్చాను. లేబుల్ అంకెలు తీసేసిన కాపీ అది. ఒక్కో మండలం లెజెండ్‌లో ఏ గడికి చెందుతుందో చెప్పమన్నాను. ఒక్క చోట తడబడ్డారు. 5–10 మండలం ఒకటి చుట్టూ 40 పైన ఉన్నవాటి మధ్య ఇరుక్కుని ఉంది, దాన్ని "5 లోపు" అన్నారు. ఆ జతలో మెట్టు 13, అన్నిటికంటే చిన్నది. దాన్ని పెంచాలంటే ముదురు వైపు ఎక్కడో తగ్గించాలి, అక్కడ తగ్గితే కలిసిపోతాయి. అది అలాగే వదిలేసి, లేబుల్ అంకె మీద భరోసా పెట్టుకున్నాను. తప్పు చదివినా ఒక మెట్టు తేడాతోనే చదివారు. పాత పటంలో పొరపాటు జరిగింది రెండు మెట్ల తేడా ఉన్న తరగతుల మధ్య, అదీ మంచికీ చెడుకీ మధ్య.

లెజెండ్‌లో గళ్లను ఒకదానికొకటి ఆనుకునేలా నిలువుగా పేర్చి, ఒక్కోదాని పక్కన హద్దులు రాశాం. విడివిడి గళ్లకంటే ఆనుకున్న గళ్లలో క్రమం తేలిగ్గా తెలుస్తుంది.

ఈ వరుస పనికిరాని చోటు

తర్వాతి నివేదికకు సంస్థ ఇంకో పటం అడిగింది. నిరుటి మే నుంచి ఈ మే దాకా ఏ మండలంలో నీటి మట్టం పెరిగింది, ఏ మండలంలో తగ్గింది. ఇదే వరుస వాడేద్దామన్నారు. దీనికది కుదరదు. ఇక్కడ మధ్యలో సున్నా ఉంది, రెండు వైపులకూ వెళ్లాలి. రెండు చివర్లూ ముదురుగా ఉండే వరుస నలుపు తెలుపులో రంగులెంత జాగ్రత్తగా ఎంచుకున్నా విడిపోదు. మీటరు పెరిగిన మండలమూ, మీటరు తగ్గిన మండలమూ ఒకే ఛాయలో పడతాయి. కలర్‌బ్రూయర్‌లో రెండు వైపులా నడిచే వరుసలను జిరాక్స్‌కి సరిపోయేవిగా చూపించకపోవడానికి కారణం అదే.

అందుకని తగ్గిన వైపు గోధుమ రంగు మెట్లు రెండు, పెరిగిన వైపు నీలం మెట్లు రెండు పెట్టి, నీలం వైపు మాత్రం పైన సన్నని చుక్కల నమూనా వేశాను. జిరాక్స్‌లో చుక్కలుంటే పెరిగినట్టు, లేకపోతే తగ్గినట్టు. ఎంత అనేది ఛాయ చెబుతుంది. అర మీటరులోపు అటూ ఇటూ ఉన్నవన్నీ తెల్లగా వదిలేశాను. లేబుల్ అంకెల ముందు + గుర్తు, – గుర్తు తప్పనిసరిగా పడేలా సూత్రం రాశాను.